ఒకటికి రెండు నీళ్ళు

మా అత్తయ్య ముక్కు పోయింది. ముక్కంటే మొహం మీది ముక్కు కాదు. అది నిక్షేపంలా ఉంది, కోపం వస్తే ముందుగా ఎర్రబడేది ఇప్పటికీ అదే. పోయింది వాసన. జ్వరం తగిలి మంచం దిగాక, పక్కనే స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే ఆవిడ హాయిగా కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంది. నేను పరుగెత్తుకెళ్ళి కట్టేశాను. పాలు పొంగాయి, అంతే అన్నాను. అప్పుడే చెప్పేసి ఉంటే ఈ గొడవంతా ఉండేదే కాదు. నాకు నోరెక్కువని వీధి వీధంతా అంటుంది కానీ, ఆవిడ ముందు ఆ ఒక్క మాటకి మాత్రం నోరు పెగల్లేదు.

ఎలా పెగులుతుంది? మాది కోల్డ్ బ్రూ కాఫీ కొట్టు. ఆ కొట్టు నిలబడిందే ఆవిడ ముక్కు మీద.

మా పని అంతా చల్లగా, మెల్లగా, నిద్రలో నడిచినట్టు సాగుతుంది. సాయంత్రం షట్టర్ దించేముందు అత్తయ్య రవ్వలా బరకగా ఆడిన పొడిని కాటా మీద తూచి పెద్ద గాజు జాడీలో పోస్తుంది. కిలో పొడికి ఐదు లీటర్ల నీళ్ళు. చల్లటి నీళ్ళే, పొయ్యి ఊసే లేదు. మూత పెట్టి ఫ్రిజ్‌లోకి నెట్టేస్తే మర్నాడు పొద్దెక్కేదాకా అది తన మానాన తాను నల్లబడుతూ ఉంటుంది. తర్వాత గుడ్డలో పోసి వడగట్టడం నా వంతు. పోసిన ఐదు లీటర్లూ తిరిగి రావు. పొడి తన బరువుకి రెండింతల నీళ్ళు తాగి కూర్చుంటుంది, పిండినా వదలదు. మూడు లీటర్ల చిక్కటి డికాషన్ దిగుతుంది. గ్లాసులో ఐసు ముక్కల మీద సగం అది, సగం నీళ్ళు. ఒకటికి ఒకటి. ఐసు కరిగి కలిసినా పలచబడకుండా ఆవిడ వయసులో ఉన్నప్పుడు తాగి, పారబోసి, మళ్ళీ తాగి తేల్చిన లెక్క అది.

జ్వరం తర్వాత గ్లాసెత్తి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఏమే, చేదు నీళ్ళలా ఉందేంటి? డికాషన్‌లో బలం లేదు."

ఆ సాయంత్రం జాడీలో పావుకిలో పొడి ఎక్కువ పడింది. మర్నాడు నేను రుచి చూస్తే నాలుక మొద్దుబారింది. అమ్మో, ఇది తాగితే మనిషి రెండు రోజులు నిద్రపోడు అనుకున్నాను. చెప్పలేదు. గ్లాసులో డికాషన్ కాస్త తగ్గించి, దానికి ఒకటిన్నర నీళ్ళు పోశాను. రుచి మామూలుగా దారిలో పడింది. హమ్మయ్య అనుకున్నాను. నాలాంటి తెలివైన కోడలు ఈ లోకంలో ఉండదని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు?

అత్తయ్య ఆ గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ముక్కు సాయం చేయనప్పటినుంచీ ఆవిడకి కళ్ళే దిక్కు. నేను నీళ్ళతో సరిచేశాను గదా, రంగు నిన్నటిలాగే ఉంది. ఆవిడ గ్లాసు దించి పెట్టేసింది. కొన్నాళ్ళకి ఇంకో పావుకిలో పెంచింది. కిలోన్నర అయింది. నేను ఒకటికి రెండు నీళ్ళు పోశాను. రంగు మళ్ళీ అదే.

ఇంకో చిత్రం కూడా జరిగింది. పొడి పెరిగేకొద్దీ అది తాగే నీళ్ళూ పెరిగి, నాకు దిగే డికాషన్ మూడు లీటర్ల నుంచి రెండుకి పడిపోయింది. గ్లాసుకి పడేదీ తగ్గించాను కాబట్టి రోజూ అవే ముప్పై గ్లాసులు వచ్చాయి. వడగట్టేదీ, కలిపేదీ వెనక గదిలో, నేనొక్కదాన్నే. ముందు గదిలో కూర్చున్న ఆవిడకి కనిపించేది మాత్రం అవే గ్లాసులు, అదే రంగు.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేదు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. వెనక గదిలో గుడ్డలోంచి చుక్క చుక్కగా డికాషన్ పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎండ టేబుళ్ళ మీదుగా పాకి అత్తయ్య ఒళ్ళోకి వచ్చింది. ఆవిడ చేతిలో గ్లాసు తిప్పుతూ, నాతో కాదు, ఆ ఎండతో చెబుతున్నట్టు అంది.

"కిలోన్నర వేస్తున్నాననుకుంటున్నానే. కిలోనే వేస్తున్నానేమో. లేకపోతే రంగు మారాలి కదా? నిన్న మూడుసార్లు తూచాను. తూచానన్న సంగతే నిజమో కాదో తెలియట్లేదు. మా అక్కకీ ఇలాగే మొదలైంది. వేసిన ఉప్పే మళ్ళీ వేసేది. ఆఖరికి కన్నకూతురి చెయ్యి పట్టుకుని, నువ్వెవరమ్మా అని అడిగింది."

తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టేశాను.

"అలా అయ్యేలోపు పక్క బేకరీ అతనికి కొట్టు అప్పగించేద్దాం. నా చేతి లెక్క నాకే తెలియనప్పుడు ఇక్కడ కూర్చుని ఏం చెయ్యను?" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆ తర్వాత నాకు అన్నం సయించలేదు. నిజం చెబితే ముక్కు పోయిందని చెప్పాలి. ముప్పై అడుగుల దూరం నుంచి ఏ సంచిలో పొడి పాతబడిందో చెప్పే మనిషికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పకపోతే తల పోతోందని ఆవిడ నమ్ముతుంది. పోనీ నీళ్ళు తగ్గిద్దామంటే తాగినవాళ్ళ గుండెలు దడదడలాడతాయి. పడుకుంటే కలలో గ్లాసులు వరసగా వచ్చేవి. నేను నీళ్ళు పోస్తూనే ఉంటాను, గ్లాసు నిండదు, అత్తయ్య అవతల నిలబడి నన్ను గుర్తుపట్టనట్టు చూస్తుంది. ఉలిక్కిపడి లేచేదాన్ని. చివరికి, ఏదైతే అదైంది, రేపు చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

పొద్దున లేచేసరికి పన్ను పోటు. చెంప బూరెలా ఉబ్బింది. ఇదేం పోయేకాలం, ఇవాళే రావాలా అని ఆ పన్నుని తిట్టుకుంటూ డాక్టరు దగ్గరికి బయల్దేరాను.

"వడగట్టడం నేనొచ్చాక చేస్తాను. మీరు ముట్టుకోకండత్తయ్యా" అని మరీ మరీ చెప్పాను.

"సరేలేవే, వెళ్ళు. నీ మొహం చూస్తే గిరాకీ పారిపోయేలా ఉంది" అంది.

అక్కడేమో నా ముందు ఊరంతా కూర్చుని ఉంది. నేను నోట్లో దూది కుక్కుకుని, సగం మొహం మొద్దుబారి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోతోంది. మెట్ల మీద ఎదురు కొట్టు టైలరు కనిపించాడు. కత్తెర పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"ఏం పోశారు చెల్లెమ్మా ఇవాళ? రెండు గ్లాసులు తాగాను, కాజాలు కుడదామంటే చెయ్యి నా మాట వినట్లేదు. మిషను తొక్కకుండానే కాళ్ళు ఆడుతున్నాయి" అన్నాడు నవ్వుతూనే.

లోపలికి ఒక్క అంగలో దూకాను. కొట్టు ఖాళీగా ఉంది. టేబుల్ మీద డికాషన్ జగ్గు, పక్కన కాటా, కాటా మీద పిండేసిన పొడి మూట. అత్తయ్య వాటి ముందు కూర్చుని ఉంది. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"కూర్చో" అంది. కూర్చున్నాను.

"నువ్వెంతకీ రాలేదు. గిరాకీ నిలబడిపోతోంది, నేనే వడగట్టాను. ఐదు లీటర్లు పోస్తే రెండే దిగాయి. ముందు భయమేసింది, నీళ్ళు కూడా తప్పు కొలిచానేమోనని. తర్వాత కూర్చుని ఆలోచించాను. మూడు లీటర్లు పొడిలో ఉండిపోయాయి. అంటే పొడి కిలోన్నర ఉన్నట్టే. మూటని తూచాను, నాలుగున్నర కిలోలు తూగింది. నా చెయ్యి తప్పు చెయ్యలేదే. నేను వేసింది వేసినట్టే ఉంది. ఒకటికి ఒకటి కలిపి టైలరుకిచ్చాను, అతనేమో డాన్సు చేస్తున్నాడు. ఇప్పుడు చెప్పు. నువ్వు నీళ్ళెన్ని పోస్తున్నావ్?"

"ఒకటికి... వెండు" అన్నాను. మొద్దుబారిన నోట్లోంచి అంతకన్నా రాలేదు. ఏడుపు మాత్రం బోలెడంత వచ్చింది.

"ఎందుకే?"

నోట్లో దూది తీసేసి చెప్పాను. "మీకు వాసన తెలియట్లేదత్తయ్యా. జ్వరం వచ్చినప్పటినుంచీ. పాలు మాడినా తెలియలేదు. మీరు పొడి పెంచుతుంటే నేను నీళ్ళు పెంచాను. చెబితే తట్టుకోలేరని..."

ఆవిడ ముక్కు ఎర్రబడింది. టేబుల్ మీద చెయ్యి గట్టిగా చరిచింది.

"తట్టుకోలేననా? మరి పిచ్చిదాన్నైపోతున్నానని పొద్దస్తమానం వణికిపోతుంటే, అది తట్టుకోగలననుకున్నావా? రోజూ లేవగానే నా మనవల పేర్లు నాలో నేను చెప్పుకునేదాన్ని, ఇంకా గుర్తున్నాయో లేదోనని. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్పలేకపోయావే!"

నేను తలొంచుకున్నాను. తిట్టండి, ఇంకా తిట్టండి అనిపించింది. ఆవిడ తిట్టలేదు. ఎండ గోడెక్కింది. జగ్గులో డికాషన్ నల్లగా, కదలకుండా ఉంది.

"ముక్కేనా?" అంది చివరికి. "ఉత్త ముక్కేనా పోయింది?"

"ముక్కే అత్తయ్యా."

"పోతే పోనీ వెధవ ముక్కు" అని పైట కళ్ళకి ఒత్తుకుని నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఒళ్ళంతా తేలికైపోయింది.

లేచి గ్లాసులో ఐసు వేసింది. డికాషన్ పోసి, నా కళ్ళలోకి చూస్తూ రెండింతల నీళ్ళు కొలిచి పోసింది. గ్లాసు నా ముందుకి జరిపింది.

"తాగి చెప్పు."

"నోరు మొద్దుబారిందత్తయ్యా, రుచి తెలీదు."

"నీకు నోరు లేదు, నాకు ముక్కు లేదు. భలే నడుపుతున్నాం కొట్టు! వాసనైనా చూడు. ఏముందో అది చెప్పు. నా మీద జాలితో ఒక్క ముక్క కలిపావో, చూడు!"

గ్లాసు దగ్గరికి తీసుకుని కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళూ వాసన చూడటం ఆవిడ పని, నేను కలిపి ఇవ్వడమే. మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"పైన కాస్త తీపి ఉంది, చెరకు నమిలాక మిగిలినట్టు. దాని కింద... కొత్త బీరువా తలుపు తీస్తే వస్తుందే, ఆ చెక్క వాసన. రోజూ ఇంత ఉండదు. కొంచెం గొంతు పట్టేలా ఉంది."

అత్తయ్య కళ్ళు మూసుకుని వింటోంది. నేను చెబుతుంటే ఆవిడ ముక్కుపుటాలు మెల్లగా కదిలాయి.

"చెక్క వస్తోందా? మరీ ఎక్కువ నానితే అలాగే వస్తుంది" అంది. "పొద్దెక్కగానే వడగట్టాల్సింది. నువ్వొస్తావు, నువ్వొస్తావు అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను."