ఇరవైసార్లు ఉతికిన తువ్వాలు

ఓ విదేశీ కంపెనీకి పంపాలని మరిది రాసిన ఈమెయిల్‌లో తమ నేతపని గొప్పలు మూడు పేజీలున్నాయి. వదిన అది చదివి పకపకా నవ్వింది.

"తువ్వాళ్లు అమ్ముకోడానికి రాశావా, ఎన్నికల్లో నిలబడ్డానికి రాశావా?"

మగ్గాల షెడ్డు పక్కగదిలో, కంప్యూటరు ముందునుంచి అతన్ని లేపి తనే కూర్చుంది. ఆ విదేశీ కంపెనీ వంటింటి తువ్వాళ్లు అమ్ముతుందని వెబ్‌సైటులో ముందే చూసిపెట్టుకుంది. ఎవరం, ఎన్ని మగ్గాలు, ఏం నేస్తాం, కనీస ఆర్డరెంత, ఎన్ని వారాల్లో పంపగలం, అన్నీ నాలుగు ముక్కల్లో టకటకా కొట్టింది. చివర్న ఇలా రాసింది: "మా తువ్వాలుని నలభై డిగ్రీల నీళ్లలో ఇరవైసార్లు ఉతికాం. రంగు దిగలేదు. పొడవు నాలుగు శాతం తగ్గింది. కొత్తదొకటి, ఉతికిందొకటి నమూనాకి పంపమంటారా?"

మరిది నెత్తి కొట్టుకున్నాడు. "కురచవుతుందని మన నోటితో మనమే చెప్పుకోవాలా, వదినా?"

"కురచవ్వని నూలుగుడ్డ ఎక్కడుందోయ్? అవతల కొనేది ఈ వ్యాపారంలో తల పండినాయన, ఆయన చెవిలోనే పువ్వు పెడతావా?" అంటూ పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి జవాబొచ్చింది. మరిదే చదివాడు.

"ఈ వారం నాకు 'అత్యుత్తమ నాణ్యత' అని ముప్ఫైమంది రాశారు. మీ కొత్తది అక్కర్లేదు. ఉతికింది పంపండి."

అతను ఉతికిన తువ్వాలు కోసం ఒక్క ఉదుటున దండెం దగ్గరికి పరిగెత్తాడు. వదిన తల కూడా తిప్పలేదు.

"ఇస్త్రీ చేశావో, ఊరుకోను!"