పన్నెండు మందికీ తెలిసిన పేరు

ఫోన్ల పడితే పేరు ఏమైతదో మా ఇంట్ల నాకు తెలిసినంత ఎవ్వరికీ తెల్వదు. బేగంపేటల ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు గదిల కూసొని పద్నాలుగేండ్ల సంది ఫోన్లు ఎత్తుతున్న. చెన్నై నుంచి ఒకరు, లూధియానా నుంచి ఒకరు, కలకత్తా నుంచి ఒకరు. అందరూ తొందరల ఉంటరు, అందరి వెనక లారీ హారన్లు మోగుతుంటయి. అందుకే మా మరిది తిరుమల్ "దోశపిండికి ఒక పేరు పెట్టాలె, జెర చూడు వదినా" అన్నప్పుడు కుర్చీ ముందుకు జరుపుకొని కూసున్న. ఇంట్ల నాకు తెలిసినదాన్ని ఒకరు అడిగింది అదే మొదలు.

తిరుమల్ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. వాళ్ళావిడ రజిత చేతిపిండి ఏ.ఎస్. రావు నగర్‌ల మా గల్లీ మొత్తానికీ ఇష్టం. వంటింటి కిటికీల నుంచే పొట్లాలు అందిస్తుంటది, జనం గిన్నెలు పట్టుకొని వరుసల నిలబడ్తరు. ఇప్పుడు యాప్రాల్ దిక్కు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు పంపాలని వాళ్ళ ఆశ. లైసెన్సు వచ్చింది, కవర్లు సోమవారం ప్రింటుకు పోవాలె. పేరొక్కటే లేదు.

తిరుమల్ రాసుకొచ్చిన చిట్టీ తీసిండు. మొదటి పేరు ధాన్యశ్రీ. రెండోది శుచిరుచి. మూడోది చదివేటప్పటికి వాడికే దమ్ము అందలేదు.

"ధాన్యశ్రీ ఇంగ్లీషుల ఎట్ల రాస్తవు?" అన్న.

రాసిండు. రజిత ఇంకో తీరుగ రాసింది. మా ఆయన మధుసూదన్ పేపరు సాటు నుంచి మూడో తీరు చెప్పిండు.

"ఇంట్ల ముగ్గురు మూడు తీర్లు రాస్తే, ఫోన్ల వెతికేటోళ్ళు ఎక్కడికి పోతరు? పక్క దుకాణానికి పోతరు," అన్న. "ఫోన్ల సన్న శబ్దాలు సగం మాయమైతయి. స అంటే ఫ అనిపిస్తది, మ అంటే న అనిపిస్తది. శ, ష, స మన దగ్గరనే కలిసిపోయినయి, ఇగ కేరళామెకు, బెంగాలీ ఆయనకు ఎట్ల చెప్తవు? ఒక్కసారి అంటే అర్థం కావాలె, విన్నది విన్నట్టు రాస్తే అదే స్పెల్లింగు కావాలె, రేపు పొద్దుగాల గుర్తుండాలె. గంతే."

"అబ్బో," అన్నడు మా ఆయన. "ప్రొఫెసరమ్మ."

తిరుమల్ చిట్టీ మడత పెట్టి జేబుల పెట్టుకుండు. "అయితే హిమజ అని పెడ్త," అన్నడు.

హిమజ అంటే నేనే.

"ఉద్యోగం పోయినప్పుడు అందరూ సలహాలిచ్చిన్రు, నువ్వొక్కదానివే గ్రైండర్ కొనిచ్చినవ్. పేరు నీదే పెడ్త వదినా," అన్నడు.

అబద్ధమెందుకు, గుండెల ఏదో కదిలింది. నా పేరు ఆధార్ కార్డు మీద ఉన్నది, రేషన్ కార్డు మీద ఉన్నది. ఇంకెక్కడా లేదు. ఆఫీసుల సుత "రిసెప్షన్ మేడం" అంటరు. దుకాణాల షెల్ఫు మీద, ఫ్రిజ్జు తలుపుల, పెద్ద అక్షరాలల్ల హిమజ. ఇప్పటిదాంక మూడు పేర్లను కడిగి ఆరేసిన నోరు అప్పుడు మూసుకున్నది. హ మొదట్ల వస్తే ఫోన్ల అసలే వినపడదని నాకు తెల్వదా? తెలుసు. ఊకున్న.

కానీ పరీక్ష పెట్టాలె కదా, నియమం పెట్టింది నేనే. పన్నెండు మందికి ఫోన్ చెయ్యి, పేరు ఒక్కసారే అను, విన్నది ఇంగ్లీషుల వాట్సాప్ చెయ్యుమను, తెల్లారి మళ్ళా చేసి గుర్తున్నదా అడుగు. తిరుమల్ బుద్ధిమంతుడు, చెప్పినట్టే చేసిండు. గురువారం రాత్రి లిస్టు చూపెట్టిండు. పన్నెండుకు పన్నెండు కరెక్టు. తెల్లారి సుత పన్నెండుకు పన్నెండు.

లిస్టు చూసిన. పెద్దమ్మ. వరంగల్ మేనమామ. మా ఆడబిడ్డ. మా ఆయన దోస్తు వెంకటరత్నం. పన్నెండు మందీ మా పెండ్లి భోజనం తిన్నోళ్ళే. హిమజ అనే పేరు వాళ్ళ చెవులల్ల ఇరవై రెండేండ్ల సంది ఉన్నది. వాళ్ళు ఫోన్ల విన్నరా, యాది చేసుకున్నరా?

ఇది నాకు ఒక్క చూపులనే అర్థమైంది. "మంచిగున్నది," అని లిస్టు తిరిగి ఇచ్చిన. శుక్రవారం ఆఫీసుల ఇద్దరికి చెప్పిన సుత, నా పేరు మీద పిండి వస్తున్నదని. సిగ్గుచేటు ముచ్చట, కానీ చెప్పిన.

ఆదివారం పొద్దుగాల శాంపిళ్ళు పంచనీకి తిరుమల్ స్కూటరు వెనక నేను సుత ఎక్కిన. ఒడిల సంచి, సంచిల నీలం కవర్లు, వాటి మీద కాగితం స్టిక్కరు, దాని మీద నా పేరు. యాప్రాల్ రోడ్డు మీద పోతుంటే రెండుసార్లు సంచి తెరిచి చూసుకున్న.

మొదటి గేటు కాడ సెక్యూరిటీ ఆయన ఆపిండు. చొక్కా మీద సత్యదేవ్ అని పట్టీ ఉన్నది, మాట బీహార్ దిక్కుది. మూడు వందల నాలుగో ఫ్లాటుల ఉండే మేడం శనివారం ఫోన్ చేసి శాంపిల్ తెమ్మన్నరు అని చెప్పినం.

"కహా సే?" అని ఎక్కడి నుంచో అడిగిండు ఇంటర్‌కం ఎత్తి.

"హిమజ," అన్నడు తిరుమల్.

"క్యా?"

"హి-మ-జ."

వెనక ఒక నీళ్ళ ట్యాంకరు రివర్స్ అవుతున్నది. సత్యదేవ్ నోట్లనే ఒకసారి అనుకొని చూసుకుండు, నాలిక తిరగలేదు. ఇంతల మేడం ఎత్తినట్టున్నది. పాపం ఆయన తప్పు చెప్పలేదు. అసలు పేరే చెప్పలేదు. "మేడం, వో... దోసా వాలే ఆయే హై," అన్నడు.

అవతల నుంచి మాకు సుత వినపడ్డది. నేను దోశలేం ఆర్డర్ పెట్టలే, పంపకు అని పెట్టేసింది.

అప్పుడు నాకు కండ్లు తెరుచుకున్నయి. ఇన్నేండ్లు ఫోన్ల తప్పు వింటరనే భయపడ్డ. అనుడు కష్టమైన పేరును జనం అనుడే మానేస్తరు. మనిషికి ఎవరి ముందైనా తడబడుడంటే సిగ్గు. తప్పు చెప్పినా ఎవరన్నా సరిజేస్తరు, చెప్పని పేరును ఎవరు సరిజేస్తరు?

రెండో గేటు కాడ లోపలికైతే పోయినం. ఒక మలయాళీ ఆమె పిండి వాసన చూసి, మా ముందట్నే దోశ పోసి, తిని మురిసిపోయింది. అప్పటికప్పుడు దోస్తుకు ఫోన్ చేసింది. ఇంగ్లీషుల మస్తు మెచ్చుకున్నది. దోస్తు పేరు అడిగినట్టున్నది. ఆమె స్టిక్కరు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, "నీలం కవరు, నీకు చూపెడ్త," అని మాట దాటేసింది.

బయటికొచ్చి చాయ్ బండి కాడ ఆగినం. తిరుమల్ మొఖం వేలాడేసిండు, అయినా "ఏం పరేషాన్ కాకు వదినా, గేటోళ్ళకు అలవాటైతది. రోజూ పోతే వాళ్ళే నేర్చుకుంటరు," అన్నడు.

"ఎన్ని గేట్లకు నేర్పిస్తవు?" అన్న. "ఆమె దోస్తుకు ఎవరు నేర్పిస్తరు?"

"కానీ టెస్టుల పన్నెండుకు పన్నెండు వచ్చినయి గదా."

చాయ్ గ్లాసు పక్కకు పెట్టిన. "తిరుమల్, ఆ పన్నెండు మందీ మా పెండ్లికి వచ్చినోళ్ళు. నన్ను గుర్తుపట్టనీకి పరీక్ష ఎందుకు? గురువారమే చూసిన. చూసి ఊకున్న. నా పేరు కవరు మీద చూసుకోవాలని ఆశ పుట్టింది, అందుకని ఊకున్న."

వాడు నా దిక్కు చూడలేదు. గ్లాసు దిక్కే చూస్తూ, "నేను నిజంగనే పెట్టాలనుకున్న వదినా," అన్నడు.

"తెలుసు. అందుకే నేను తియ్యాలె, నువ్వు తియ్యలేవు," అన్న. కండ్లల్ల నీళ్ళొచ్చినయి. చాయ్ పొగ అని చెప్పిన. వాడు నమ్మినట్టే పోయి చాయ్ పైసలు కట్టిండు, మంచి పిల్లగాడు.

ఇంటికొచ్చేసరికి గల్లీల ఎప్పటి లెక్కనే వరుస ఉన్నది. ఎవరో పిల్లను వాళ్ళమ్మ పంపుతున్నది: "పోయి కిటికీ పిండి తే." ఆ మాట మేము ఇన్ని నెలల సంది వింటున్నం. వింటున్నం అంతే, ఎన్నడూ చెవికి ఎక్కలేదు.

"తిరుమల్," అన్న.

"నేను సుత విన్న," అన్నడు.

"కిటికీ ఏందీ?" అన్నడు మా ఆయన, లోపలికి పోయి పేరు చెప్తే. "పిండి కొంటే గాలొస్తదా?"

ఈసారి పరీక్ష నేనే చేసిన, చుట్టాలను దగ్గరికి రానియ్యలేదు. ప్రింటింగ్ ఆయనను రెండు రోజులు ఆపుమన్నం. సోమవారం ఆఫీసుల ఫోన్ చేసిన ప్రతోనికీ పని ముచ్చట అయినంక, "సార్, ఒక మాట రాసుకోండి" అని ఒక్కసారే అన్న. చెన్నై, లూధియానా, కలకత్తా, నాసిక్. లారీ హారన్ల మధ్యల నుంచి పద్నాలుగు మంది వాట్సాప్ చేసిన్రు. పన్నెండు మంది ఒక్క తీరుగనే రాసిన్రు. ఇద్దరు చివర ఒక అక్షరం ఎక్కువ పెట్టిన్రు, అట్ల వెతికినా దొరికేటట్టు తిరుమల్ చూసుకుంటనన్నడు. మంగళవారం అడిగితే పదమూడు మందికి గుర్తున్నది. లూధియానా సర్దార్జీ అయితే "కిటికీ మేడం" అని నన్నే పిలుస్తుండు. ట్రేడ్‌మార్కు వెబ్‌సైట్ల తిండి సామాన్లకు ఆ పేరు ఎవరిదీ లేదని చూసుకొని, తిరుమల్ తన పేర దరఖాస్తు పెట్టిండు.

కవర్లు వచ్చిన రోజు మూడు వందల నాలుగు మేడంకు ఫోన్ చేసి కొత్త పేరు చెప్పి, మళ్ళా యాప్రాల్ పోయినం. సత్యదేవ్ ఇంటర్‌కం ఎత్తిండు. "మేడం, కిటికీ సే ఆయే హై." ఒక్కసారే అన్నడు. పంపు అన్నది మూడు వందల నాలుగు. గేటు తెరుచుకున్నది. నాకు సంతోషమైంది, నా పేరు పోయిందని జెర బాధైంది సుత. రెండూ నిజమే.

లిఫ్టుల తిరుమల్ ఒక కవరు నా చేతికిచ్చి, "వెనక చూడు," అన్నడు. వెనక లైసెన్సు నంబరు, బరువు, తారీఖు, ఇంటి అడ్రసు. వాటి కింద, కండ్లద్దాలు పెట్టుకుంటే గాని కనపడని అక్షరాలల్ల: ఫిర్యాదులకు సంప్రదించండి, హిమజ. పక్కన నా ఫోన్ నంబరు.

"ఎవరినో ఒకరిని రాయాలె వదినా, రూలు," అన్నడు. నవ్వు ఆపుకోలేక లిఫ్టు బటన్ల దిక్కు తిరిగిండు.

"ఇంట్ల ఫిర్యాదులు నీకు సరిపోతలేవా?" అన్నడు మా ఆయన సాయంత్రం కవరు చూసి. అన్నడు గాని, ఆ కవరు కత్తిరించి ఫ్రిజ్జు తలుపుకు అంటించింది సుత ఆయననే.

నాలుగో రోజు పొద్దుగాల నా ఫోన్ మోగింది. ఎవరో పెద్దామె, గొంతుల బెంగాలీ యాస, పక్కన మిక్సీ నడుస్తున్నది. పిండి తొందరగ పులిసిందంట, కోపంగ ఉన్నది.

"హలో, యే... హి... హిమో... హీమా..." అని తడుముకుంటున్నది, కవరు కండ్ల దగ్గరికి పెట్టుకొని చదువుతున్నట్టున్నది. నా పేరును అంత కష్టపడి చదివిన మనిషి నా బతుకుల ఇంకొకరు లేరు.

"హా జీ," అన్న, "మై హీ హూఁ, నేనే. చెప్పండమ్మా."