నగదులో తొంభై వేలు తక్కువ

నెల అమ్మకాల నివేదికలో అరవై రెండు లక్షలు ఉంది. పన్ను పక్కన పెడితే బ్యాంకులో పడింది యాభై అయిదు. ఆ ఏడు లక్షల తేడా ఎందుకొచ్చిందో సాయంత్రంలోగా రాసిమ్మన్నాడు ఫర్నిచర్ షాపు యజమాని.

షాపులో అందరూ లెక్కలమ్మాయి అని పిలిచే ఫైనాన్స్ అనలిస్టు మధ్యాహ్నానికే చాలావరకు తేల్చేసింది. సరుకు ఇంటికి చేరిన రోజే అమ్మకంగా రాస్తారు. కొన్ని ఆఫీసులు డబ్బు తర్వాతి నెలలో కడతాయి. పాత బాకీల వసూళ్లు పోనూ అక్కడే నాలుగున్నర లక్షలు. నెలాఖరు రెండు రోజుల కార్డు సొమ్ము లక్ష ఇంకా బ్యాంకుకు చేరలేదు. కార్డు కంపెనీ పట్టుకున్న రుసుము అరవై వేలు. మిగిలిన తొంభై వేలూ నగదులో తక్కువ.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు మేనేజరు. యజమానికి బావమరిది. "క్యాష్ దగ్గర కూర్చునేది ఆవిడొక్కతే. రేపట్నుంచి రావద్దని చెప్పేశా. నువ్వూ అదే రాసెయ్."

"చూడకుండా ఎలా రాస్తాను సార్?"

"నువ్వు తవ్వుతూ కూర్చుంటే నీళ్లు పడతాయి తల్లీ, లెక్క తేలదు."

ఆమె కౌంటరు దగ్గరికి నడిచింది. క్యాషియరు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది.

"అక్కా, ఈ నెల కొత్తగా ఏం జరిగింది?"

"ఏముందమ్మా, పాత సోఫాల గోల. పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తామని మేనేజరే బోర్డు పెట్టించాడు. బిల్లు మెషీన్లో దానికి మీట లేదు. తగ్గించింది కూడా నగదు వచ్చినట్టే కొట్టెయ్, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ చూడ్డం ఇప్పటికీ లేదు. ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?"

"మాట నమ్మక్కర్లేదక్కా. సోఫాలు ఉన్నాయిగా!"

గోడౌన్లో సోఫాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున సుద్దతో బిల్లు నంబరు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అన్నిటినీ బిల్లులతో సరిచూసింది. పదిహేను సోఫాలు. ఒక్కోదానికి తగ్గించింది ఆరు వేలు.

ఆమె టైపు చేస్తుంటే మేనేజరు వెనక నిలబడి చదివాడు.

"'మేనేజరు చెప్పినందున' అని ఎందుకు? పొరపాటు జరిగింది అంటే చాలదూ?"

"చాలదు సార్. అలా రాస్తే పొరపాటు అక్కదవుతుంది."

"నీ ఉద్యోగం కూడా చూసుకోవాలిగా."

"చూసుకుంటున్నాను సార్. ఇదే నా ఉద్యోగం." సంతకం చేసి యజమాని గదిలోకి తీసుకెళ్లింది. క్యాషియరును రావద్దన్న సంగతీ చెప్పింది.

యజమాని కాగితం రెండుసార్లు చదివి బావమరిదిని పిలిచాడు.

"ఏమోయ్, బ్యాంకువాళ్లు సోఫాలు జమ చేసుకుంటారా?"

మేనేజరు తలుపు వైపు తిరిగాడు.

"రావద్దన్నది నువ్వు. రమ్మనేదీ నువ్వే. ఇక్కడే ఫోన్ చెయ్."

మేనేజరు నంబరు నొక్కాడు. "ఏమ్మా, రేపు మామూలుగా వచ్చెయ్..." అని ఆగి పక్కకి చూశాడు. లెక్కలమ్మాయి కదల్లేదు. యజమానీ కదల్లేదు.

"నువ్వు తియ్యలేదమ్మా," అన్నాడు. "అలా కొట్టమన్నది నేనే."