తగ్గిన నీటికి హెచ్చరిక

భద్రాచలం బస్టాండు వెనక ఉన్న కంప్యూటర్ సెంటరులో హేమ్లా కన్నమ్మ ప్రోగ్రాము నాలుగో పరీక్షలో తప్పింది. నాలుగూ దాటినవాళ్ల పేర్లే ఆ సాయంత్రం బస్సులో ఖమ్మానికి, సర్టిఫికెట్ పరీక్షకు పోతాయి. కన్నమ్మ పేరు ఇంకా రాయలేదు.

పని పెద్దదేం కాదు. గోదావరి మట్టాలు అడుగుల్లో వరసగా ఇస్తారు. నలభై మూడు నుంచి మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది నుంచి రెండోది, యాభై మూడు నుంచి మూడోది. ఒక్కో మట్టానికి ఒక నంబరు చూపించాలి. హెచ్చరిక లేకపోతే సున్నా. ప్రోగ్రామును తీగ మీదుగా సార్ మిషన్లోకి అప్‌లోడ్ చేస్తే, అది తన దగ్గరి మట్టాలు పెట్టి నడిపి, వచ్చిన జవాబును సరైన జవాబుతో పోల్చి చూస్తుంది.

చెంచురామయ్య సార్ తెర మీద వేలు పెట్టాడు. ఇచ్చినవి 42, 44, 49, 47. రావలసినవి 0, 1, 2, 1. కన్నమ్మవి 0, 1, 2, 2.

"నలభై ఏడుకు రెండో హెచ్చరిక ఎట్లా వచ్చిందమ్మా?"

"దానికి ముందు నలభై తొమ్మిది వచ్చింది గద సార్."

"వస్తే?"

"నీళ్లు రెండడుగులు తగ్గినయని ఎవలన్న గుట్ట దిగి ఇంటికి పోతరా? మా దుమ్ముగూడెం దిక్కు పోరు. మళ్ల పెరుగుతది. అందుకే పెద్ద నంబరును పట్టుకొని ఉండమన్న."

పక్క మిషను దగ్గరి గోపాలు తల తిప్పాడు. "సార్, కన్నమ్మ ప్రోగ్రాము మూటాముల్లె సర్దుకొని గుట్టెక్కింది. ఇగ దిగదు."

"నీదేంది మరి? నిన్న నీళ్లు లేకుండనే మూడో హెచ్చరిక ఇచ్చింది," అంది కన్నమ్మ.

సార్ నవ్వలేదు. అసైన్‌మెంట్ కాగితం ఆమె ముందు పెట్టి ఒక లైను చదవమన్నాడు. చదివింది. ఒక్కో మట్టాన్ని విడిగా చూడాలి, ముందరి మట్టంతో పని లేదు.

"పెద్ద నంబరును పట్టుకోమని ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"మరి మొదటి మూడు పరీక్షలు ఎట్లా దాటినై?"

కన్నమ్మ ఆలోచించింది. "వాటిల్ల నీళ్లు పెరుగుడే గని తగ్గుడు లేదు సార్."

"అంతే. తగ్గేదాకా నీ తప్పు బయటపడలేదు."

"ఈ కాగితం రాసినాయన గోదారొడ్డున ఎన్నడన్న పండుకున్నడా సార్?"

"రాసింది నేనే. మాది మధిర, గోదారికి దూరం."

కన్నమ్మ కాగితాన్ని సార్ వైపు జరిపింది.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు," అన్నాడు సార్. "దాన్ని ప్రోగ్రాములో దాచిపెడితే నీ ఒక్కదానికే తెలుస్తది. కాగితం చదివినవాడు నలభై ఏడుకు ఒకటి వస్తుందనుకుంటాడు. కాగితం తప్పనిపిస్తే నాకు చెప్పు. మారేదాకా ఉన్నట్టే రాయి."

పాత నంబరు పెద్దదైతే దాన్నే ఉంచమనే లైను ఒకటుంది. దాన్ని తీసేస్తుంటే, తగ్గీ తగ్గని నీళ్లలోకి తన ముసలి అవ్వను ఇంటికి పంపినట్టే అనిపించింది కన్నమ్మకు. అయినా తీసేసింది, మళ్లీ అప్‌లోడ్ చేసింది. నాలుగూ దాటాయి. సార్ ఆమె పేరు రాశాడు.

"ఇప్పుడు చెప్పచ్చా సార్?"

"చెప్పు."

"కాగితం మార్చుండ్రి."

"మారుస్తాను. ఎంత తగ్గితే మీవాళ్లు ఇంటికి పోతారు?"

"ముసలోళ్లు లేచి నడుస్తరు సార్. ఆళ్లెంబడి పోతం."

"అది అడుగుల్లో చెప్పాలి," అన్నాడు సార్, కలం పట్టుకుని.

పేర్లతో ఖమ్మం బస్సు వెళ్లిపోయింది. కన్నమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.