అద్దె గది సోదా

రాఘవులు మార్కాపురంలో ఎస్సైగా రిటైరయ్యాడు. డాలస్ పక్కన కొడుకు అవినాష్ ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. మేడమీద గదిలో సృజన్ అనే ఎం.ఎస్. స్టూడెంట్ అద్దెకుంటున్నాడు. రోజూ గదికి తాళం వేసుకుని క్లాసుకి వెళ్తాడు. ఇంకో తాళంచెవి వంటింటి సొరుగులో ఉంటుంది.

ఆ మంగళవారం పొద్దున ఇద్దరు పోలీసులు వచ్చారు. ఇంట్లో రాఘవులు ఒక్కడే. దొంగ కార్డులతో కొన్న ఫోన్లు ఈ అడ్రసుకి వస్తున్నాయని, సృజన్ గది చూడాలని అన్నారు.

"వారంట్?" అని అడిగాడు రాఘవులు.

"మీరు ఒప్పుకుంటే అక్కర్లేదు సర్," అన్నాడు పొడుగాటి ఆఫీసరు.

"హి ఈజ్ టెనెంట్. పేయింగ్ రెంట్."

"ఓకే సర్. తాళంచెవి ఉందా?"

"విట్నెస్? టూ పర్సన్స్?"

ఆఫీసరు నవ్వాడు. ఇక్కడ అలాంటి పద్ధతి లేదన్నాడు.

వద్దని అనొచ్చు. కానీ ముప్ఫై ఏళ్లలో పోలీసుకి వద్దన్న ప్రతివాణ్ణీ రాఘవులు దొంగకిందే లెక్కేశాడు. పైగా తనని సర్ అంటున్నారు. తాళం తీశాడు. బట్టల అరలో సీలు తియ్యని ఫోన్లు పన్నెండు దొరికాయి. వాళ్లిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం సృజన్‌ని కాలేజీ పార్కింగ్‌లో అరెస్ట్ చేశారు. పార్సిళ్లు వేరే అడ్రసుకి పంపే పార్ట్‌టైమ్ పని ఆన్‌లైన్‌లో దొరికిందనీ, దొంగ సరుకని తెలియదనీ అన్నాడు. నిజమో కాదో రాఘవులుకి ఇప్పటికీ తెలియదు.

బెయిల్ వచ్చాక సృజన్ లాయరు లారా, ఫోన్‌లో తెలుగు దుబాసీని పెట్టుకుని రాఘవులుతో మాట్లాడింది.

"అద్దెకిచ్చిన గది ఆ అబ్బాయి ఇల్లే. ఇంకో తాళంచెవి ఉన్నంత మాత్రాన సోదాకి ఒప్పుకునే హక్కు మీకు రాదు. కానీ తలుపు తీసే ఉందనీ, అతను మా కుటుంబమేనని మీరన్నారనీ ఆఫీసరు రిపోర్టులో రాశాడు. వాళ్లు అలా నమ్మడం సబబేనని జడ్జి అనుకుంటే సోదా చెల్లుతుంది. బాడీ కెమెరా గదిలోకి వెళ్లాకే ఆన్ చేశారు. అంతకుముందు ఏం జరిగిందో మీరే చెప్పాలి."

ఆ రాత్రి భోజనాల దగ్గర అవినాష్ ప్లేటు పక్కకి జరిపాడు. "నాన్నా, గుర్తులేదని చెప్పెయ్యండి. నా గ్రీన్ కార్డ్ పెండింగ్‌లో ఉంది. పోలీసులకి ఎదురుచెప్పి మనకేం వస్తుంది?"

ఎలా చెప్పాలో రాఘవులుకి ఒకరు నేర్పాలా! మార్కాపురంలో స్టేషనెదురు టీకొట్టు చక్రపాణి నలభై కేసుల్లో మధ్యవర్తి, అంటే సోదాకి సాక్షి. తెల్లకాగితాల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచేవాడు. కోటేశు అనేవాడి మీద పెట్టిన దొంగతనం కేసులో, పోయిన నీళ్ల మోటారుని రాఘవులే జీపులో తెచ్చి అతని గడ్డివామిలో పెట్టించాడు. మా కళ్లముందే దొరికిందని చక్రపాణి కోర్టులో చెప్పాడు. కోటేశుకి మూడేళ్లు పడ్డాయి. ఆ ఏడు రాఘవులుకి రివార్డు వచ్చింది.

సోదా చెల్లుతుందా లేదా అన్న హియరింగ్‌లో జ్యూరీ లేదు, జడ్జి ఒక్కత్తే. సోదాకి చట్టబద్ధమైన అనుమతి ఉందని నిరూపించాల్సింది ప్రభుత్వమే. లారా అడిగింది, "తలుపు తీసి ఉందా?"

"లేదు. తాళం వేసుంది. నేను తీశాను."

"సృజన్ మీకేమవుతాడని చెప్పారు?"

"టెనెంట్ అన్నాను. అద్దె కడతాడన్నాను. అప్పుడే తాళంచెవి అడిగారు."

ప్రాసిక్యూటర్ లేచాడు. "అంటే మా ఆఫీసరు అబద్ధం చెప్పాడంటారా?"

"నేనూ పోలీసునే. ఇలాంటి రిపోర్టులు నేనూ రాశాను," అన్నాడు రాఘవులు. దుబాసీ తడబడి, ఒకటికి రెండుసార్లు అడిగి ఇంగ్లీషులో చెప్పింది.

ఫోన్లని సాక్ష్యంగా తీసుకోనని జడ్జి తేల్చింది. వారంట్ తెచ్చుకునే వ్యవధి పోలీసులకి ఉందని కూడా అంది. ఆ సాక్ష్యం పోయాక కేసులో మిగిలిందేమీ లేదు. రెండు వారాల్లో కేసు కొట్టేశారు.

రాఘవులు లడ్డూల పెట్టె తీసుకుని సృజన్ ఉంటున్న ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌కి వెళ్లాడు. హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి.

"అరెస్టయిన వారానికే వీసా క్యాన్సిల్ చేశారు అంకుల్. స్టూడెంట్‌గా ఉన్న రికార్డు కూడా తీసేశారు. కేసు గెలిచినా ఇమిగ్రేషన్ వాళ్లకి సంబంధం లేదట. శనివారం ఫ్లైట్."

"మళ్లీ అప్లై చేస్తే?"

"అరెస్ట్ అయ్యారా అని ఫారంలో అడుగుతారు. అవునని రాయాలి."

రాఘవులు కూర్చోబోయాడు. సృజన్ కుర్చీ మీది బట్టలు తియ్యలేదు.

"మా నాన్నకి ఇంకా చెప్పలేదు," అన్నాడు బట్టలు మడతపెడుతూ. "మీరు కోర్టులో నిజం చెప్పారని లారా మెచ్చుకుంది. ఆ రోజు ఇంటికొచ్చినవాళ్లకి 'నో' అన్న ఒక్క మాట చెప్పుంటే, కోర్టుదాకా వెళ్లేవాళ్లమే కాదు కదా."

రాఘవులు లడ్డూల పెట్టె గుమ్మం పక్కన పెట్టి, బయటికొచ్చి, కొడుకు కారు కోసం ఎండలో నిలబడ్డాడు.