ఇసుక నిలిచిన చోటు

ఆ ఉదయం ఫిజిక్స్ ల్యాబ్ తలుపు తీయగానే నాకు ఒళ్ళు మండిపోయింది. డెమో క్లాసు కోసం తెచ్చిన డ్రమ్ము మీద ముందురోజు నేను గీసిపెట్టుకున్న సుద్ద వలయాన్ని ఎవరో తుడిచేశారు. దాని లోపల ఇంకా చిన్న వలయం ఒకటి శుభ్రంగా గీసిపెట్టారు.

ఎవరో అనడం మర్యాద కోసం. ల్యాబ్ తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి నా దగ్గర, ఇంకొకటి మా హెచ్‌ఓడీ దేవీప్రసాద్ మాస్టారి దగ్గర.

అనకాపల్లిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఐదేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఇన్నాళ్ళకు ఒక పర్మనెంటు పోస్టు పడింది. పోటీలో ఉన్నది ఇద్దరమే, నేనూ వెంకటరమణా. ఈ వెంకటరమణ మా దేవీప్రసాద్ మాస్టారికి స్వయానా మేనల్లుడు. ఇద్దరం తలా ఒక డెమో క్లాసు చెప్పాలి. మార్కులు వేసేది యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు గారూ, మా మాస్టారూ. పోస్టు రాకపోతే ఈ నెలాఖరుతో నా కాంట్రాక్టు కూడా అయిపోతుంది. మళ్ళీ ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకోవాలి. ఆ బతుకు ఒకసారి బతికి వచ్చినదాన్ని, ఇంకోసారి నావల్ల కాదు.

డ్రమ్ము మా చర్చిది. క్వయర్‌లో వాయించే బెన్‌హర్‌ని బతిమాలి తెచ్చాను. కింది పొర ఊడదీసి, పై పొర ఒక్కటే ఉంచాను. అంచు చుట్టూ ఉన్న బోల్టులన్నీ సమానంగా బిగించాను, ఒకవైపు బిగువు ఎక్కువైతే వలయం గుండ్రంగా రాదు. కింద స్పీకరు, దానికి పౌనఃపున్యం పెంచి తగ్గించే ఆసిలేటరు. పైన ఇసుక చల్లి శబ్దం పెడితే, పొర ఎగిరే చోట్ల ఇసుక నిలవదు, కదలని చోటికి చేరి గీతలా పేరుకుంటుంది. ఆ గీత ఎక్కడ పడుతుందో ముందే సుద్దతో గీసి చూపించి, ఆ తర్వాత ఇసుకను రప్పించాలని నా పథకం.

తుడిచింది మళ్ళీ గీసుకుందామని సుద్ద వెతుకుతుండగానే ప్రొఫెసరు గారు లోపలికి వచ్చేశారు. ఆయన వెనకే మాస్టారు. నా పక్కనుంచి వెళుతూ గొంతు తగ్గించి అన్నారు.

"తప్పుంటే దిద్దేనమ్మా. కంగారుపడకు."

దిద్దారట. ఎవరి బోర్డు మీద ఏం కనబడినా చెరిపి దిద్దడం ఆయనకు అలవాటే. కానీ ఇవాళ, మేనల్లుడు బయట వరండాలో కూర్చుని ఉండగా దిద్దడాన్ని ఏమనాలి?

క్లాసు మొదలుపెట్టాను. ముందు బోర్డు మీద తీగ గీశాను. రెండు చివరలా బిగించిన తీగ మూడు ముక్కలుగా కంపిస్తే మధ్యలో రెండు బిందువులు కదలకుండా ఉంటాయి. ముక్కలు మూడూ సమానం. పౌనఃపున్యం తీగంతా ఒకే ముక్కగా కంపించినప్పటికి సరిగ్గా మూడు రెట్లు. తీగలో కదలనివి బిందువులు, పొరలో మాత్రం గీతలూ వలయాలూ అని చెప్పి డ్రమ్ము దగ్గరికి వచ్చాను.

మొదటి స్వరానికి పొరంతా ఒక్కటిగా ఎగిరింది, ఇసుక అంచుకు పోయింది. తర్వాత స్పీకరును ఒక పక్కకు జరిపి, పౌనఃపున్యం ఒకటిన్నర రెట్లు దాటించాను. ఇసుక పొరకు అడ్డంగా, నడిమధ్య నుంచి ఒక గీత కట్టింది.

"స్పీకరు మధ్యలో ఉంచితే ఏం?" అన్నారు ప్రొఫెసరు గారు.

"ఈ గీత మధ్య నుంచే పోవాలండి. కదలకూడని చోటే పట్టి ఊపితే ఇది పుట్టదు."

ఆయన తల ఊపారు. ఇక మిగిలింది వలయం. స్పీకరును మళ్ళీ మధ్యకు తెచ్చి, కొత్తగా ఇసుక చల్లి, ఆసిలేటరు తిప్పడం మొదలుపెట్టాను. మొదటిదానికి రెండు రెట్లు దాటింది. ఇంకాస్త తిప్పాను.

"మూడు రెట్లు పెట్టాలమ్మా," అన్నారు మాస్టారు. "అక్కడాగిపోతే ఏటొత్తాది?"

గీత మార్చింది చాలక, ఇప్పుడు ప్రొఫెసరు ముందే దారి తప్పిస్తున్నాడు ఈ పెద్దమనిషి అనుకున్నాను. మూడు రెట్లకు తిప్పితే ఇసుక చెదిరిపోతుంది, నేను నవ్వులపాలవుతాను. తిప్పకపోతే మార్కులు వేసే మనిషి మాట ప్రొఫెసరు ముందే కాదన్నట్టు. ఎటు పోయినా గొయ్యే.

"లేదు మాస్టారూ. ఇది తీగ కాదండి," అన్నాను. ఆయన వైపు చూడలేదు.

రెండు పాయింటు మూడు రెట్ల దగ్గర డ్రమ్ము గొంతు ఒక్కసారిగా పెరిగింది. ఇసుక కదిలింది. సుద్ద వలయం మీదికి వెళ్ళింది, కానీ అక్కడ నిలవలేదు. దాన్ని దాటుకుని బయటికి జరిగి, వేలి వెడల్పంత దూరంలో చక్కగా గుండ్రంగా పేరుకుంది. నేను నిన్న గీసిన చోటే అది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. జేబులోంచి స్కేలు తీసి, మధ్య నుంచి ఇసుక దాకా కొలిచారు. మళ్ళీ కొలిచారు.

"ఆరున్నర సెంటీమీటర్లు," అన్నారు మెల్లగా. "మధ్య నుంచి అంచుకు పదిహేను. పదిహేనులో మూడో వంతు ఐదు కదా. ఐదు దగ్గర రావాలి కదా."

ఆ ముఖంలో దొంగతనం లేదు. లెక్క తప్పిన పిల్లాడి ముఖం అది. ఆయన కావాలని చెడగొట్టలేదు. తీగ లెక్కే పొరకూ నిజమని మనసారా నమ్మారు. నా గీత తప్పని నిజంగానే అనుకుని, నన్ను కాపాడాలని దిద్దారు. పొద్దుటి నుంచి ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

"లోపలున్న ఆ సుద్ద గీత ఏమిటమ్మా?" అడిగారు ప్రొఫెసరు గారు.

మాస్టారు స్కేలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నిజం ఒక్క మాటలో చెప్పేయవచ్చు. పావుగంట ముందైతే చెప్పేసి ఉండేదాన్ని కూడా.

"అది తీగ గీతండి," అన్నాను. "తీగలో ముక్కలు సమానం కాబట్టి మూడో వంతు దగ్గర పడాలి. పొరలో మధ్య నుంచి బయటికి పోయేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది, అల పలచబడుతుంది. అందుకే ఇక్కడ ముక్కలు సమానంగా రావు. నడిమి భాగం వెడల్పు, అంచు వైపువి ఇరుకు. పౌనఃపున్యాలూ ఒకటి రెండు మూడు అని వరసగా ఉండవు. తేడా కనబడాలని రెండూ పక్కపక్కన ఉంచాను."

"బాగుంది," అన్నారాయన, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

"బాగులేదండి," అన్నారు మాస్టారు. "ఆ గీత నాది. ఈ అమ్మాయి సరిగ్గా గీసుకుంటే పొద్దున్నే నేనే చెరిపేసేను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి ఇలాగే సెబుతున్నాను."

నేనే సిగ్గుతో తల దించుకున్నాను.

ప్రొఫెసరు గారు వరండా వైపు చూశారు. "సరే, రెండో అభ్యర్థిని పిలుద్దామా?"

"పిలవండి," అన్నారు మాస్టారు, స్కేలు జేబులో పెట్టుకుంటూ. "కానీ వాడు నా దగ్గరే సదువుకున్నాడండి. వాడూ ఐదు దగ్గరే గీత్తాడు."