హాసిని పంపిన సవరణ

హాసిని తన యాప్ కోడ్ పెట్టుకున్న గిట్‌హబ్ పేజీ చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఫ్రిజ్‌లో ఏ సరుకు ఎప్పుడు పాడవుతుందో చెప్పే చిన్న యాప్ అది. దానికి అంత సింగారమా! ప్రతి కమిట్‌కీ, అంటే కోడ్‌లో చేసి దాచిన ప్రతి మార్పుకీ, ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో ఒక వాక్యం. వాడే పద్ధతి రాసిన రీడ్‌మీ చదివితే ఎవరైనా ఐదు నిమిషాల్లో యాప్ నడిపేసుకోవచ్చు. మాస్టర్స్ అయ్యాక ఇద్దరం అమెరికాలోని అల్ఫారెట్టాలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. హాసినికి ఉద్యోగం ఆఫర్ వచ్చింది. నాకు చదువయ్యాక ఇక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే తొంభై రోజుల్లో పందొమ్మిదే మిగిలాయి. కంగ్రాట్స్ చెప్పాను, ఆ మర్నాటి నుంచి మాట్లాడటం మానేశాను.

నాదీ మంచి ప్రాజెక్టే. బస్సు ఎంత ఆలస్యమవుతుందో ముందే అంచనా వేస్తుంది. కానీ నా కమిట్లు "ఫిక్స్", "ఫిక్స్ 2", "ఇదే ఫైనల్" అని ఉండేవి. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచి, నా కోడ్ ఉన్న రిపాజిటరీ లింక్ కూడా అడిగింది. రెండు రోజులు కూర్చుని నలభై కమిట్లని కలిపి పదకొండు చేశాను, ఒక్కోదానికీ అర్థమయ్యే మెసేజ్ రాశాను. రీడ్‌మీ దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది. హాసినిది కాపీ చేసి పేర్లూ బొమ్మలూ మార్చేశాను. దానికన్నా నాదే బాగుందని మురిసిపోయాను కూడా.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మెయిల్ వచ్చింది. నా రిపాజిటరీకి హాసిని ఒక పుల్ రిక్వెస్ట్ పంపింది, అంటే ఒక సవరణ చేసి, కలుపుకోమని అడిగింది. "రీడ్‌మీలో ఇన్‌స్టాల్ స్టెప్స్ సరిచేశాను" అని ఉంది. ఆఫర్ వచ్చింది చాలక నాకు పాఠాలు కూడా చెబుతుందా అనిపించింది. ఏం మార్చిందో చూడకుండానే వద్దని క్లోజ్ నొక్కేశాను. అప్పుడు నాకెంత హాయిగా ఉందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఇంటర్వ్యూ చేసినాయన పేరు ధర్మారావు, మన తెలుగాయనే. కమిట్ల చరిత్ర శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. తర్వాత తన స్క్రీన్ చూపించారు. నా రీడ్‌మీలో చెప్పినట్టే, కోడ్ దింపుకునే మొదటి లైనుతో మొదలుపెట్టి అన్నీ కాపీ చేసి నడిపారట. నా బస్సుల బదులు పాలు, పెరుగు, కొత్తిమీర, వాటి తేదీలు కనిపిస్తున్నాయి. అన్నీ మార్చాననుకున్నాను గానీ ఆ మొదటి లైనులో హాసిని లింక్ అలాగే ఉండిపోయింది.

పొరపాటు ఎవరైనా చేస్తారని ఆయనే అన్నారు. ఆ మాటతో నాకు కాస్త ఊపిరి వచ్చింది. అంతలో క్లోజ్ చేసిన పుల్ రిక్వెస్ట్‌ల పేజీ తెరిచారు. అందులో ఉన్నది ఒక్కటే. హాసిని మార్చింది ఆ ఒక్క లైనే, తన లింక్ తీసి నాది పెట్టింది.

"రెండు రోజుల ముందే ఎవరో సరిచేసి పంపారమ్మా," అన్నారు ధర్మారావు. "ఎందుకు వద్దనుకున్నావు?"

"పేరు చూసి," అన్నాను.